ఏడుస్తున్న తల్లి, ఏడవని కొడుకు

ఇంటి పెద్ద పోయి ఐదు వారాలైంది. పెద్దకర్మ అయిపోయింది, చుట్టాలు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆవిడకు యాభై ఆరేళ్ళు. అన్నం సహించడం లేదు. రాత్రి రెండు దాటినా కన్ను మూతపడదు. ఎవరు పలకరించినా గొల్లుమంటుంది. ‘అమ్మకు డిప్రెషన్ వచ్చినట్టుంది’ అని కూతురు పట్టుబట్టి గుంటూరులో ఒక సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్ళింది. కారు నడుపుతూ వెంట వచ్చింది కొడుకు. ముప్ఫై రెండేళ్ళవాడు, హైదరాబాదులో ఉద్యోగం. తండ్రికి తలకొరివి పెట్టిందీ, వచ్చిపోయేవాళ్ళకు భోజనాలు చూసిందీ, డెత్ సర్టిఫికెట్ కోసం, బ్యాంకు కాగితాల కోసం తిరిగిందీ అతనే. ఈ ఐదు వారాల్లో ఒక్కసారి కూడా ఏడవలేదు. ‘పిల్లాడు గట్టివాడు కాబట్టి సరిపోయింది’ అన్నారు అందరూ.

రెండు గంటలు మాట్లాడాక డాక్టరు చెప్పిన మాట ఇంట్లోవాళ్ళు ఊహించనిది. తల్లికి జబ్బు లేదు. కొడుక్కి ఉంది.

వీళ్ళు ఫలానా ఇంటివాళ్ళు కారు. మానసిక వైద్యుల దగ్గర తరచూ కనబడే సంగతులను ఒక కుటుంబంగా కూర్చి చెబుతున్నాను. ఇద్దరి ఇంట్లోనూ జరిగింది ఒకే చావు. ఇద్దరూ తినడం లేదు, ఇద్దరికీ నిద్ర లేదు. అయినా డాక్టరు ఒకరికి మందు అక్కర్లేదంది, ఇంకొకరికి ఆ రోజే మొదలుపెట్టింది. ఏం చూసి అలా తేల్చింది అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్న విషయం.

డిప్రెషన్‌ను గుర్తించడానికి చాలా దేశాల్లో వాడేవాటిలో ఒకటి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే డీఎస్ఎం అనే పుస్తకంలోని తొమ్మిది లక్షణాల జాబితా. మనసు దిగులుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి మారిపోవడం, నిద్ర చెడిపోవడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, ధ్యాస నిలవకపోవడం, మాటా కదలికా మందగించడం లేదా కుదురుగా కూర్చోలేకపోవడం, తాను పనికిరానివాణ్ణని గానీ పెద్ద తప్పు చేశానని గానీ అనిపించడం, చావు గురించిన ఆలోచనలు. వీటిలో కనీసం ఐదు, అందులో మొదటి రెండింటిలో ఒకటైనా, రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు ఉంటే డిప్రెషన్ అంటారు.

తల్లిని ఈ జాబితా పక్కన నిలబెట్టి చూడండి. దిగులు ఉంది. ఎప్పుడూ వదలకుండా చూసే సీరియల్ టీవీలో వస్తున్నా తలెత్తి చూడటం లేదు. ఆకలి లేదు, నిద్ర లేదు, నీరసం ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. ‘ఆయనతోపాటే నేనూ పోతే బాగుండేది’ అంటోంది. ఏడు లక్షణాలు. ఐదు చాలు అనుకుంటే ఆవిడకు డిప్రెషన్ ఉన్నట్టే లెక్క.

ఇదేదో ఈవిడ ఒక్కదానికే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరానికి చెందిన సైకియాట్రిస్టు పౌలా క్లేటన్, ఆవిడ సహచరులు 1970ల మొదట్లో భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్ళను వరసగా కలిసి మాట్లాడారు. తొలి నెలలో సుమారు మూడో వంతు మందిలో డిప్రెషన్‌కు సరిపడా లక్షణాలు కనిపించాయి. ఏడాది దాటాక చూస్తే అలాంటివాళ్ళు దాదాపు ఆరుగురిలో ఒకరికి తగ్గారు. అంటే ఎక్కువమందికి అది వచ్చినట్టే వచ్చి, వైద్యం లేకుండానే సద్దుమణిగింది. కొందరికి మాత్రం అలా జరగలేదు.

రెండూ ఇంతగా ఎందుకు కలిసిపోతాయి? ముప్ఫై ఏళ్ళు పక్కన ఉన్న మనిషి హఠాత్తుగా లేకుండా పోతే ఒళ్ళు దాన్ని ప్రమాదంగానే తీసుకుంటుంది. నిద్ర, ఆకలి, ధ్యాస ముందు దెబ్బతింటాయి. డిప్రెషన్‌లో దెబ్బతినేవీ అవే. పైగా మనవాళ్ళు దిగులును దిగులుగా చెప్పరు. గుండెల్లో బరువంటారు, ఒళ్ళంతా మంటలంటారు, తల దిమ్మంటారు. దుఃఖంలో ఉన్నవాళ్ళూ ఇలాగే చెబుతారు, డిప్రెషన్ వచ్చినవాళ్ళూ ఇలాగే చెబుతారు. అందుకే లక్షణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఊరుకునే డాక్టరు తప్పులో పడతాడు. ఆ లక్షణాలు ఎప్పుడు వస్తున్నాయి, దేని చుట్టూ తిరుగుతున్నాయి అన్నది అడిగి తెలుసుకోవాలి.

ఈ డాక్టరు తల్లిని మొదట అడిగింది జబ్బు గురించి కాదు.

“అమ్మా, ఆయన ఎలాంటివారు? నాకు చెప్పండి.”

ఆవిడ ముందు ఏడ్చింది. తరవాత చెప్పడం మొదలుపెట్టింది. ఎరువుల దుకాణం. సాయంత్రం ఏడింటికి స్కూటర్ చప్పుడు వినబడేది. ఇప్పుడు వీధిలో ఏ స్కూటర్ వెళ్ళినా గుండె ఝల్లుమంటుంది. అప్పటిదాకా కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కన పెట్టి కూలబడిపోతుంది. ఓ పావుగంట, అరగంట. తరవాత లేచి మళ్ళీ కూర తరుగుతుంది. కూరగాయల మార్కెట్లో ఆయన రూపాయి దగ్గర కూడా బేరం వదిలేవాడు కాదని చెబుతూ చెబుతూ కన్నీళ్ళ మధ్యే నవ్వేసింది. “సిగ్గేసేదమ్మా ఆయన పక్కన నిలబడాలంటే” అంది.

డాక్టరు ఆ నవ్వును నోట్సులో రాసుకుంది. దుఃఖం అలలుగా వస్తుంది. పోయిన మనిషి గుర్తొచ్చినప్పుడు ఉధృతంగా లేస్తుంది, తరవాత కొంచెం వెనక్కి తగ్గుతుంది, ఆ మధ్యలో మనిషి మామూలుగా ఉంటుంది, నవ్వుతుంది, మనవరాలికి జడ వేస్తుంది. రోజులు గడిచేకొద్దీ అలకూ అలకూ మధ్య ఎడం పెరుగుతుంది. డిప్రెషన్‌లో ఆ ఎడం ఉండదు. దిగులు ఫలానా చప్పుడుతోనో, ఫలానా వస్తువుతోనో ముడిపడి ఉండదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రిదాకా మనిషిని పరుచుకునే ఉంటుంది. మంచి జ్ఞాపకం వచ్చినా అది తీపిగా తగలదు. పసిపిల్ల వచ్చి ఒళ్ళో కూర్చున్నా మనసు కదలదు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. “మీ గురించి మీకేమనిపిస్తోంది?” అని అడిగింది డాక్టరు. తల్లికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. “నా గురించేముందమ్మా, ఆయన లేరు అంతే” అంది. తరవాత, ఆ ముందురోజు మధ్యాహ్నం ఆయన రెండోసారి టీ అడిగితే విసుక్కున్నానని చెప్పి మళ్ళీ ఏడ్చింది. ఇది పశ్చాత్తాపమే. కానీ అది ఆయనకూ తనకూ మధ్య జరిగిన ఒక్క సంగతికే కట్టుబడి ఉంది. నేను చెడ్డదాన్ని అని ఆవిడ అనుకోవడం లేదు, ఆ టీ ఒక్కటీ పెట్టి ఉంటే బాగుండేది అనుకుంటోంది.

ఈ తేడాను 1917లోనే సిగ్మండ్ ఫ్రాయిడ్ తన ప్రసిద్ధ వ్యాసంలో పట్టుకున్నాడు. శోకంలో ఉన్నవాడికి లోకం వెలితిగా కనబడుతుందనీ, ఇప్పుడు మనం డిప్రెషన్ అంటున్న స్థితిలో మాత్రం మనిషికి తానే ఖాళీ అయిపోయినట్టు అనిపిస్తుందనీ ఆయన భావం. ఫ్రాయిడ్ చెప్పినవాటిలో చాలా వాటిని తరవాతి వైద్యం పక్కన పెట్టింది. ఈ పరిశీలన మాత్రం నూరేళ్ళ తరవాత కూడా వైద్యుల చేతిలో పనికొస్తూనే ఉంది.

మూడోది చావు ఆలోచన. ఇది వినగానే ఇంట్లోవాళ్ళు హడలిపోతారు, లేదా ‘అలాంటి మాటలు మాట్లాడకు’ అని నోరు మూయిస్తారు. డాక్టరు రెండూ చేయలేదు, సూటిగా అడిగింది. “ఆయన దగ్గరకు వెళ్ళిపోవాలనిపిస్తోంది అన్నారు కదా. అందుకోసం ఏమైనా చేయాలని అనుకున్నారా?” తల్లి తల అడ్డంగా ఊపింది. “అయ్యో, దీని చదువు చూడొద్దా” అంటూ బయట ఆడుకుంటున్న మనవరాలి వైపు చూపించింది. దుఃఖంలో చావు ఆలోచన సాధారణంగా పోయినవాళ్ళను కలుసుకోవాలన్న తపన రూపంలో ఉంటుంది. డిప్రెషన్‌లో అది ‘నాకు బతికే అర్హత లేదు, ఈ బాధ నేను భరించలేను’ అన్న రూపం తీసుకుంటుంది. అయితే మొదటి రకం అని తేలిగ్గా వదిలేయడం కూడా తప్పే. అందుకే ప్రతిసారీ అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామందికి భయం. అలా పుట్టదు. అడగకపోతే మాత్రం ఉన్న ఆలోచన లోపలే ఉండిపోతుంది.

వెళ్ళే ముందు తల్లి గొంతు తగ్గించి ఇంకోటి చెప్పింది. తెల్లవారుజామున వరండాలో ఆయన దగ్గు వినబడుతోందట. ‘నాకు పిచ్చెక్కుతోందా అమ్మా?’ అని అడిగింది. 1971లో వేల్స్ దేశపు డాక్టరు డ్యూయీ రీస్ తన ప్రాంతంలో భార్యను గానీ భర్తను గానీ పోగొట్టుకున్న సుమారు మూడు వందల మందిని అడిగితే, పోయినవాళ్ళు పక్కనే ఉన్నట్టు అనిపించిందనో, కనబడ్డారనో, వినబడ్డారనో దాదాపు సగం మంది చెప్పారు. చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. ఆ దగ్గు జబ్బు కాదు. ఆ గొంతు తిట్టినా, ఫలానా పని చేయమని ఆజ్ఞాపించినా, సంబంధం లేని గొంతులు వినబడినా అది వేరే సంగతి, అప్పుడు వెంటనే చూడాలి.

డాక్టరు కొడుకును గమనించింది తల్లితో మాట్లాడుతున్నప్పుడే. కుర్చీలో వచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ‘నాన్నగారికి ముందేమైనా జబ్బు ఉందా’ అని అడిగితే, ప్రశ్న ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు కాసేపాగి జవాబిచ్చాడు. బెల్టుకు కొత్తగా పొడిచిన చిల్లు కనబడుతోంది. తల్లినీ చెల్లెల్నీ బయట కూర్చోమని డాక్టరు అతన్ని ఒక్క మాట అడిగింది. “మీరెలా ఉన్నారు?”

“బాగానే ఉన్నానండీ.” కాసేపు ఆగి, “పర్లేదు” అన్నాడు. ఇంకా కాసేపటికి అసలు సంగతి బయటికొచ్చింది.

ఆ రాత్రి తొమ్మిదింటికి తండ్రి ఫోన్ చేసి ఛాతీలో గ్యాస్ పట్టినట్టుందిరా అన్నాడు. ఇతను మీటింగులో ఉన్నాడు. గెలుసిల్ వేసుకో నాన్నా, పొద్దున చూద్దాం అన్నాడు. తెల్లారేసరికి ఆయన లేడు. ఇంతవరకు ఇది తల్లి టీ సంగతి లాంటిదే, దాని కన్నా బరువైనది. కానీ అతని ఆలోచన ఆ ఫోను దగ్గర ఆగలేదు. తండ్రిని తానే చంపానన్నాడు. మెల్లగా అది అన్నిటికీ పాకింది. ఉద్యోగంలో నేను ఎందుకూ పనికిరాను, వాళ్ళకింకా తెలియలేదంతే అన్నాడు. భార్యకు తాను సరైన మొగుణ్ణి కాదన్నాడు. కూతురు మంచి తండ్రికి పుట్టి ఉంటే బాగుండేదన్నాడు. తండ్రి మీద మొదలైన మాట పది నిమిషాల్లో తన మీదికి తిరిగింది, మళ్ళీ తండ్రి దగ్గరకు వెళ్ళలేదు. నాన్న గురించి చెప్పండి అని డాక్టరు అడిగినా మంచి జ్ఞాపకం ఒక్కటీ చెప్పలేకపోయాడు. గుర్తున్నాయి, కానీ వాటికి రంగూ రుచీ లేవన్నాడు.

రోజూ మూడింటికే మెలకువ వస్తోంది. పొద్దున్నే అన్నిటికన్నా ఘోరంగా ఉంటోంది, సాయంత్రానికి పిసరంత నయం. ఐదు వారాల్లో ఆరు కిలోలు తగ్గాడు. స్కూటర్ చప్పుడైనా, ఫొటో చూసినా పెరగడం లేదు, తగ్గడం లేదు, ఒకే మోతాదు. ఏడుపు ఎందుకు రాలేదని అడిగితే, రావాలని ఉంది, రావడం లేదు అన్నాడు. ఆ మాట వినగానే డాక్టరు తరవాతి ప్రశ్న అడిగింది. ఈ మధ్య ఇన్సూరెన్స్ పాలసీ కాగితాలు తీసి చూశానని అతను ఒప్పుకున్నాడు. నేను లేకపోతేనే వాళ్ళ బతుకు బాగుంటుందేమో అనిపిస్తోందన్నాడు. ఇంజనీరింగ్ రెండో ఏడులో ఒకసారి మూడు నెలలు ఇలాగే అయి, కాలేజీ మానేసి ఇంట్లో ఉన్నాడట. అప్పుడు ఎవరూ చనిపోలేదు.

ఆ చివరి వాక్యం డాక్టరుకు చాలా చెప్పింది. ఆప్తుల మరణం తరవాత వచ్చే డిప్రెషన్‌ను, ఉద్యోగం పోయో, పెళ్ళి విడిపోయో, ఏ కారణమూ లేకుండానో వచ్చిన డిప్రెషన్‌తో పోల్చి చూసిన పరిశోధకులకు పెద్ద తేడా కనబడలేదు. అంతకుముందు డిప్రెషన్ వచ్చినవాళ్ళలో, ఇంట్లో ఇంకెవరికో ఉన్నవాళ్ళలో ఎక్కువగా వస్తుంది, మందుకూ మామూలు డిప్రెషన్ లాగే లొంగుతుంది. చావు అక్కడ కారణం మాత్రమే. దానివల్ల మొదలైనంత మాత్రాన జబ్బు జబ్బు కాకుండా పోదు. మెట్ల మీద జారి పడి కాలు విరిగితే, పడ్డాడు కాబట్టి విరగడం సహజమేనని కట్టు కట్టకుండా వదిలేస్తామా?

ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికి మానసిక వైద్యానికి ముప్ఫై ఏళ్ళ పైన పట్టింది. 1980లో వచ్చిన డీఎస్ఎం మూడో కూర్పు ఆప్తులు పోయినవాళ్ళను డిప్రెషన్ లెక్కలోంచి మినహాయించింది. 1994 నాటి నాలుగో కూర్పు దానికి గడువు పెట్టింది. చావు జరిగి రెండు నెలల లోపు అయితే సాధారణంగా డిప్రెషన్ అనకూడదు. మనిషి పనికిరానివాణ్ణని కుమిలిపోతున్నా, చావాలనుకుంటున్నా, మాటా కదలికా బాగా మందగించినా, లేనివి ఉన్నట్టు భ్రమపడుతున్నా, రోజువారీ పనులు పూర్తిగా చెడినా అప్పుడు చెప్పవచ్చు. ఈ మినహాయింపుల్లో మంచి వివేకం ఉంది, మన కొడుకు వాటి కిందికే వస్తాడు. కానీ గడువుతో వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, వాటిని పట్టించుకోకుండా ‘ఇంకా రెండు నెలలు కాలేదుగా’ అని పంపించేయడం సులువైంది.

2013లో ఐదో కూర్పు ఆ మినహాయింపును తీసేసింది. పెద్ద దుమారం రేగింది. నాలుగో కూర్పుకు నాయకత్వం వహించిన అలెన్ ఫ్రాన్సిస్సే గట్టిగా వ్యతిరేకించాడు. హార్వర్డ్‌లో సైకియాట్రిస్టు, మానవశాస్త్రవేత్త అయిన ఆర్థర్ క్లైన్‌మన్ భార్య 2011లో చనిపోయింది. మరుసటి ఏడాది ఆయన లాన్సెట్ వైద్యపత్రికలో తన శోకం గురించి తానే రాస్తూ, దీన్ని జబ్బుగా చూడవద్దన్నాడు. ఆయన భయం నిజమైనదే. రెండు వారాలు ఏడ్చిన ప్రతి వితంతువుకూ మాత్ర రాసిచ్చే పరిస్థితి రాకూడదు. చివరికి ఐదో కూర్పు మధ్యేమార్గంగా ఒక వివరణ చేర్చి, తీర్పు వైద్యుడి విచక్షణకు వదిలింది. అలలుగా వచ్చే బాధ, మధ్యలో వచ్చే సంతోషం, చెక్కుచెదరని ఆత్మగౌరవం, పోయినవాళ్ళ చుట్టూనే తిరిగే ఆలోచన దుఃఖానికి గుర్తులని ఆ వివరణ చెబుతుంది. ఇది సరైన నిర్ణయమేనని నేను అనుకుంటాను. తీర్పు క్యాలెండరుది కాకుండా మనిషిది అయింది. కానీ విచక్షణ వాడటానికి సమయం కావాలి. ఐదు నిమిషాల ఓపీలో పైన చెప్పిన మాటలేవీ బయటికి రావు.

ఇంతకీ ఇంకో స్థితి ఉంది, ఇది పూర్తిగా దుఃఖమూ కాదు, డిప్రెషనూ కాదు. అదే తల్లికి ఒక ఆడపడుచు ఉందనుకుందాం. కొడుకు బైకు ప్రమాదంలో పోయి రెండేళ్ళు దాటింది. అతని గది అలాగే ఉంది, చొక్కాలు ఉతకనివ్వలేదు. ప్రమాదం జరిగిన రోడ్డు మీదుగా బస్సు వెళుతుందని తెలిస్తే ఆ ఊరి ప్రయాణమే మానుకుంటుంది. రోజంతా వాడి మీదే ధ్యాస, వాడు వస్తాడేమోనని గేటు వైపే చూపు. నాలో సగం వాడితోనే పోయింది అంటుంది. తాను పనికిరానిదాన్నని మాత్రం అనుకోదు. ఆకలి బాగానే ఉంది. డిప్రెషన్‌కు మందు వాడితే నిద్ర కొంచెం మెరుగైంది, గేటు వైపు చూపు మాత్రం మారలేదు.

దీన్ని వైద్యులు దీర్ఘశోక రుగ్మత అనవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసే వ్యాధుల పట్టిక పదకొండో కూర్పు 2022 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో దీనికి చోటు దొరికింది. అదే ఏడాది డీఎస్ఎం సవరణలోనూ చేరింది. ఇక్కడ కేంద్రం దిగులు కాదు, తీరని తపన. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం ఆరు నెలలు గడవాలంటుంది, అమెరికా పుస్తకం పెద్దవాళ్ళకు ఏడాది గడవాలంటుంది. రెండూ ఇంకో షరతు పెట్టాయి. ఆ మనిషి బతికే సమాజంలో, మతంలో, ఆచారంలో సహజం అనుకునేదాన్ని ఆ శోకం దాటి ఉండాలి. సహజ మరణాల తరవాత పదిమందిలో సుమారు ఒకరికి ఇది రావచ్చని పలు అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ అంచనా. బిడ్డ పోయినప్పుడు, హఠాత్తుగానో హింసాత్మకంగానో చావు జరిగినప్పుడు ఎక్కువ.

ఆ ఆచారం షరతు మన దగ్గర పని చేసే వైద్యుడికి చాలా పెద్దది. హిందూ కుటుంబాల్లో చాలాచోట్ల ఏడాది దాకా పండగ చేయరు, శుభకార్యాలకు వెళ్ళరు, నెలనెలా మాసికం పెడతారు. ముస్లిం స్త్రీ భర్త పోతే నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటిస్తుంది. మనుషుల్లోకి రావడం లేదు అని ఫారంలో టిక్కు పెట్టే ముందు ఇది తెలియాలి. అమెరికా పుస్తకం చెప్పే పన్నెండు నెలలు మనకు సరిగ్గా సంవత్సరీకం దగ్గర పడతాయి. ఆ రోజులకు అణిగిన దుఃఖం మళ్ళీ ఎగసిపడుతుంది. ఆ వారంలో చూసి జబ్బని ముద్ర వేయకుండా, ఆ నెల గడిచాక మళ్ళీ రమ్మనడం మంచి పద్ధతి.

ఇంతకన్నా బాధాకరమైనది ఇంకొకటి. భర్త పోయిన స్త్రీని పెళ్ళిళ్ళకు పిలవరు, పిలిచినా మండపంలో ముందుకు రానివ్వరు. కొన్ని ఇళ్ళలో ఇంకా బొట్టూ గాజులూ తీయిస్తారు. ఆవిడ ఇంట్లోంచి కదలకపోతే అది జబ్బు లక్షణమని ఎలా రాస్తాం? అందుకే డాక్టరు మన తల్లిని ఒక ప్రశ్న వేసింది. “అమ్మా, పక్కింటి పెళ్ళికి వెళ్ళలేదట. వెళ్ళాలని లేదా, వెళ్ళనివ్వలేదా?” జవాబు రెండోదే. దానికి మాత్ర లేదు. దాన్ని ఆ ఇంటివాళ్ళే మార్చాలి, డాక్టరు కూతుర్ని పిలిచి ఆ మాటే చెప్పింది.

దీర్ఘశోకానికి వైద్యం ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ షియర్ రూపొందించిన పద్ధతి పదహారు విడతలు, వారానికొకటి. ఆ చావు జరిగిన రోజు కథను కళ్ళు మూసుకుని మొదటినుంచీ చెప్పిస్తారు, రికార్డు చేసి ఇంట్లో వినమంటారు. తప్పించుకు తిరుగుతున్న చోట్లకు, వస్తువుల దగ్గరకు కొద్దికొద్దిగా వెళ్ళనిస్తారు. పోయినవాళ్ళతో మాట్లాడినట్టు ఊహించుకుని, చెప్పలేకపోయింది చెప్పిస్తారు. మరోపక్క ముందుకు ఏం చేయాలనుందో చిన్నచిన్నగా మొదలుపెట్టిస్తారు. 2005లో అచ్చయిన షియర్ పరీక్షలో ఈ పద్ధతితో దాదాపు సగం మంది మెరుగయ్యారు, డిప్రెషన్ కోసం చేసే మామూలు మాటల వైద్యంతో పావు వంతుకు కాస్త ఎక్కువ. 2016లో డిప్రెషన్ మందు సిటలోప్రాంనూ కలిపి చూశారు. శోకం మీద ఆ మందు అదనంగా ఏమీ చేయలేదు, ఈ మాటల వైద్యం తోడుగా ఉన్నవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలను మాత్రం తగ్గించింది. ఏది ఏ జబ్బో తేల్చుకోకుండా ఒకే మాత్ర అందరికీ ఇస్తే ఎందుకు పనిచేయదో దీనివల్ల తెలుస్తుంది. ఈ పద్ధతిలో శిక్షణ పొందినవాళ్ళు మన దగ్గర ఇంకా తక్కువే.

మళ్ళీ ఆ క్లినిక్ గదిలోకి వద్దాం. తల్లికి డాక్టరు మందు రాయలేదు. నిద్రమాత్ర కావాలని కూతురు అడిగింది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆల్ప్రజోలం లాంటివి త్వరగా అలవాటైపోతాయి, వయసు మీరినవాళ్ళు మత్తులో తూలి పడతారు, దుఃఖాన్ని అవి తగ్గించవు. రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలు మాత్రం చేయించమంది. ఎందుకంటే వీటి లోపమూ నీరసాన్నీ మతిమరుపునూ తెస్తుంది, దుఃఖం మాటున దాక్కుంటుంది. రెండు వారాలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి మళ్ళీ చూపించమంది. ఇప్పుడు జబ్బు లేదంటే ఎప్పటికీ రాదని కాదు. దుఃఖంగా మొదలై మూడో నెలలో డిప్రెషన్‌గా మారేవాళ్ళూ ఉన్నారు, రెండూ కలిసి ఉండేవాళ్ళూ ఉన్నారు. అనుమానంగా ఉన్నప్పుడు ఆగి చూడటమే సరైన పని.

కొడుకు విషయంలో ఆగలేదు. తిండి పూర్తిగా మానేసినా, చావు ఆలోచన ఉన్నా, ఇంతకుముందు డిప్రెషన్ వచ్చి ఉన్నా వేచి చూడకూడదు. ముందు, ఎప్పుడైనా నిద్ర అక్కర్లేనంత హుషారు, అదుపు లేని ఖర్చు, ఆగని మాటలు వచ్చాయా అని డాక్టరు అడిగింది. అలాంటిది ఉంటే అది బైపోలార్ కావచ్చు, అప్పుడు మామూలు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే బెడిసికొడుతుంది. తాగుడు గురించీ అడిగింది. రెండూ లేవని తేలాక ఎస్సిటలోప్రాం చిన్న మోతాదులో మొదలుపెట్టింది. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందనీ, తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు ఆపకూడదనీ చెప్పింది. భార్యను పిలిపించి ఒంటరిగా వదలవద్దంది, వారం తిరక్కుండా రమ్మంది. ఆ ఫోను సంగతి మాటల వైద్యంలో తరవాత వస్తుంది. ఇప్పుడే ‘నీ తప్పేం లేదురా’ అంటే అతని చెవికెక్కదు.

ఆరో వారానికి అతను నిద్రపోతున్నాడు. తొమ్మిదో వారంలో తండ్రి స్కూటర్ సర్వీసింగుకు ఇచ్చి వస్తూ రోడ్డు పక్కన బండి ఆపి బోరుమని ఏడ్చాడు. మందు పనిచేయడం లేదేమోనని భార్య కంగారుపడి డాక్టరుకు ఫోన్ చేసింది. పనిచేస్తోందమ్మా, ఇది నాన్న కోసం ఏడుపు అంది డాక్టరు.

మీ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, ఏడుస్తున్నవాళ్ళను ఏడవనివ్వండి, పోయినవాళ్ళ కబుర్లు చెప్పనివ్వండి, నెలలు లెక్కపెట్టి ఇక చాలనకండి. పనులన్నీ చక్కబెట్టి మౌనంగా ఉన్నవాళ్ళ దగ్గర కూర్చుని, నిద్రపోతున్నావా, తింటున్నావా, బతకాలని ఉందా అని అడగండి. తానే పనికిరాననీ, తాను లేకపోతేనే మంచిదనీ ఎవరైనా అంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆలోపు మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉంది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.